ప్రసార చానెల్, గ్రూపు: పంట సలహా చేరవేతలో భేదాలు

పత్తిలో గులాబీ రంగు పురుగు ఉనికిని ముందుగా తెలిపేది లింగాకర్షక బుట్ట. ఒక్కొక్క బుట్టలో రోజుకు సగటున 8 తల్లి రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినట్లయితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు పరిగణిస్తారు. ఈ లెక్క పొలం నుండి విస్తరణాధికారికి చేరాలి, దాని ఆధారంగా రూపొందిన సలహా తిరిగి రైతులందరికీ అందాలి. అంటే సమాచారం రెండు దిశలలో ప్రయాణించవలసి ఉంటుంది. ఈ ప్రయాణం నేడు చాలావరకు వాట్సాప్ మీదుగానే సాగుతున్నది. గతంలో ఇందుకు గ్రూపు ఒక్కటే ప్రధాన మార్గంగా ఉండేది. 2023 సెప్టెంబరులో భారతదేశంలో చానెళ్ళు అందుబాటులోకి వచ్చిన తరువాత పలు కార్యాలయాలు, పరిశోధన స్థానాలు వాటివైపు మొగ్గు చూపాయి. అయితే చానెల్‌ను పెద్ద గ్రూపుగా భావించడం పొరపాటు. ఈ రెండింటి నిర్మాణమే వేరు.

గ్రూపు రచ్చబండ వంటిది. అందులో ఉన్న ప్రతి ఒక్కరూ మాట్లాడవచ్చు, ఒకరి మాటకు మరొకరు నేరుగా జవాబివ్వవచ్చు, తెగులు సోకిన ఆకు ఫోటో పెట్టవచ్చు. ఎవరెవరు కూర్చున్నారో అందరికీ కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో గరిష్ఠంగా 1,024 మంది ఉండవచ్చు. చానెల్ ఇందుకు భిన్నంగా ఊరి మైకు వంటిది. మాట్లాడేది నిర్వాహకులు మాత్రమే. ఫాలోవర్లు చదవగలరు, ఎమోజీతో స్పందించగలరు, నిర్వాహకుడు పోల్ పెడితే ఓటు వేయగలరు. మామూలు ప్రకటనకు నేరుగా జవాబు రాయడానికి గాని, ఫోటో పంపడానికి గాని వారికి అవకాశం లేదు. గ్రూపుకు ఉన్న సభ్యుల పరిమితి చానెల్‌కు వర్తించదు.

వీటికి నడుమ మరొక రూపం ఉన్నది. గ్రూపు సెట్టింగులలో నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపేలా మార్చుకోవచ్చు. పైకి ఇది చానెల్ వలెనే కనిపిస్తుంది. కాని సభ్యుల జాబితా, ఫోన్ నంబర్లు పూర్వం వలెనే అందరికీ కనిపిస్తూ ఉంటాయి. నోరు మూసినంత మాత్రాన రచ్చబండ మైకుగా మారదు. ఈ భేదాన్ని గమనించక, గోప్యత కోసమని గ్రూపును ఈ విధంగా మార్చి ఊరుకున్నవారు కొందరున్నారు.

ఎవరికి ఎవరు కనిపిస్తారన్న విషయం గ్రామాలలో చిన్నదేమీ కాదు. ఐదారు వందల మంది పత్తి రైతుల నంబర్లు ఒకేచోట దొరకడం పురుగుమందుల విక్రేతలకు, వడ్డీ వ్యాపారులకు, మోసగాళ్ళకు అక్కరకు వచ్చే సరుకు. గ్రూపులో చేరిన ఏ ఒక్కరైనా ఆ జాబితాను రాసుకోగలరు. తరువాత వారిని తొలగించినా వారు చూసిన నంబర్లను వెనక్కు తీసుకోలేము. మహిళా రైతులు అనేకులు గ్రూపులలో చేరడానికి సంకోచించడానికి, చేరినా భర్త లేదా కుమారుని నంబరునే ఇవ్వడానికి ఇదొక కారణం. చానెల్‌లో ఈ చిక్కు లేదు. ఒక ఫాలోవరుకు మరొక ఫాలోవరు కనిపించడు, మొత్తం ఎంతమంది ఉన్నారన్న సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. నిర్వాహకుని నంబరు ఫాలోవర్లకు కనిపించదు. ఫాలోవరు నంబరు సైతం, ముందుగానే నిర్వాహకుని ఫోనులో నమోదై ఉంటే తప్ప, ఆయనకు తెలియదు. అయితే గ్రూపు సందేశాలకు ఉండే ఆద్యంత సంకేతీకరణ రక్షణ చానెల్ సందేశాలకు సాధారణంగా ఉండదు. బహిరంగ ప్రకటనకు అది అవసరమూ కాదు గాని, రైతుల పేర్లు, ఖాతా వివరాలతో కూడిన లబ్ధిదారుల జాబితాను చానెల్‌లో ఉంచడం మాత్రం తగదు.

గోప్యత వల్ల కలిగే ఈ మేలుకు చెల్లించవలసిన మూల్యం కూడా ఉన్నది. గ్రూపులో తాను పంపిన సందేశం వివరాలను తెరిస్తే, దానిని ఎవరెవరు చదివారో, ఎవరికి ఇంకా చేరలేదో అధికారికి పేర్లతో సహా కనిపిస్తుంది. చదవని నలుగురికి ఆయన ఫోను చేసి చెప్పవచ్చు. చానెల్‌లో ఈ వీలు లేదు. పైగా చానెల్‌ను అనుసరించడం మొదలుపెట్టినప్పుడు దాని నోటిఫికేషన్లు సాధారణంగా మూగబోయి ఉంటాయి, రైతు స్వయంగా గంట గుర్తును నొక్కి వాటిని మేల్కొల్పాలి. సందేశాలు కూడా మామూలు సంభాషణల మధ్య కాక Updates అనే వేరొక విభాగంలో చేరతాయి. సాయంత్రం వర్షసూచన ఉన్నందున పిచికారీ వాయిదా వేయమని ఉదయం ఏడింటికి చానెల్‌లో పెట్టిన సందేశాన్ని రైతు మరుసటి రోజు చూసే అవకాశం ఉన్నది. అప్పటికి మందు కొట్టడమూ, వాన దానిని కడిగివేయడమూ రెండూ జరిగిపోయి ఉంటాయి.

ఎమోజీల విషయంలోనూ ఇటువంటి భ్రమే కలుగుతుంది. ఒక సలహా కింద 140 బొటనవేలి గుర్తులు కనిపించగానే అది 140 మంది రైతుల ఆచరణగా నివేదికలకు ఎక్కుతుంటుంది. ఆ గుర్తుకు చూశాననే అర్థం ఉండవచ్చు, బాగుందనే అర్థం ఉండవచ్చు, మందు కొట్టాననే అర్థమూ ఉండవచ్చు. గ్రూపులో గుర్తు పెట్టినది ఎవరో తెలుస్తుంది కనుక ఆ రైతును అడిగి తెలుసుకోవచ్చు. చానెల్‌లో ఫాలోవర్లకు గుర్తుల మొత్తమే తప్ప పేర్లు కనిపించవు. ఈ గుర్తులను నిర్వాహకుడు పూర్తిగా నిలిపివేయవచ్చు కూడా. పోల్ కొంత మెరుగు. ‘బుట్టలు అమర్చారా?’ అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న సంఖ్యలు వస్తాయి. అయినా ఏ ఊరిలో కాదన్నారో అది చెప్పదు.

జవాబు ఇవ్వగలగడం ఎంత కీలకమో ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక గ్రామంలో నాలుగు బుట్టలు అమర్చారు. వాటి లెక్క పంపే బాధ్యతను ఒక రైతు తీసుకున్నాడు. మొదటి రోజు 38 పురుగులు పడ్డాయి, అంటే బుట్టకు 9.5. రెండవ రోజు 34, అంటే 8.5. మూడవ రోజు ‘29’ అని మాత్రమే సందేశం వచ్చింది. నాలుగుతో భాగిస్తే 7.25 వస్తుంది, పరిమితి దాటలేదు. కాబట్టి పిచికారీ సిఫారసు చేయనవసరం లేదు. కాని ఆ రోజు గాలికి ఒక బుట్ట పడిపోయి, రైతు మూడింటినే లెక్కించి ఉంటే? అప్పుడు సగటు 9.67 అవుతుంది, మూడు రోజులూ పరిమితి దాటినట్లే. ఒకే అంకె రెండు విరుద్ధ సలహాలకు దారితీయగలదు. ‘ఎన్ని బుట్టలు చూశావు తమ్ముడూ?’ అన్న ఒక్క ప్రశ్న, ‘మూడే సార్, ఒకటి పడిపోయింది’ అన్న ఒక్క జవాబు ఈ సందేహాన్ని తీరుస్తాయి. ఆ తరువాత 20 పచ్చి కాయలు కోసి చూడమనవచ్చు. రెండింటిలో పురుగు కనిపిస్తే 10 శాతం నష్టం చేరినట్లు, బుట్టల లెక్కతో పనిలేకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. ఈ సంభాషణ గ్రూపులో రెండు నిమిషాల పని. చానెల్‌లో దీనికి తావే లేదు.

అలాగని సలహాను కూడా అదే గ్రూపులో ఉంచితే వేరొక ఇబ్బంది ఎదురవుతుంది. వెయ్యి మంది ఉన్న గ్రూపులో ఇరవై మందికి ఒకరు చొప్పున ‘ధన్యవాదాలు’ అని రాసినా యాభై సందేశాలు వచ్చి అసలు సలహా పైకి, కనబడనంత దూరం వెళ్ళిపోతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి. అధికారిక సలహా కిందనే ఎవరో ఒకరు ‘మా ఊళ్ళో రెండు మందులు కలిపి కొట్టాం, బాగా పనిచేసింది’ అని రాస్తారు. మరునాడు పొలంలో అమలయ్యేది చాలాసార్లు ఆ రెండో మాటే. ఒకే తెరపై, ఒకే అక్షరాలలో కనిపించినప్పుడు ఏది శాస్త్రవేత్త మాటో, ఏది పక్కవాని మాటో వేరు చేయడం అలవాటు లేనివారికి కష్టం.

పొరపాటు దిద్దుకోవడంలోనూ రెండింటికీ తేడా ఉన్నది. ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. అనవలసిన చోట 20 మి.లీ. అని పడిందనుకుందాం. గ్రూపులో పంపిన సందేశాన్ని 15 నిమిషాలలోపు మాత్రమే సవరించగలరు, ఆ తరువాత తొలగించి మళ్ళీ పంపవలసిందే. చానెల్‌లో 30 రోజుల వరకు సవరించవచ్చు. కాని ఈలోగా వేరే గ్రూపులకు చేరిన ప్రతులలో 20 అన్న అంకె అలాగే ఉంటుంది, మూలాన్ని దిద్దినా, తొలగించినా అవి మారవు. చానెల్ నుండి ఫార్వర్డ్ అయిన సందేశానికి చానెల్ లంకె తోడుగా వెళుతుంది, కనుక జాగ్రత్తగల రైతు దానిని నొక్కి అసలు ప్రకటనను సరిచూసుకోగలడు. తెర ఫోటో తీసి పంపితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందువలన మోతాదు తప్పుపడినప్పుడు నిశ్శబ్దంగా సవరించి వదిలివేయరాదు. ‘ఉదయపు సందేశంలో మోతాదు తప్పు, సరియైనది 2 మి.లీ.’ అని తేదీతో వేరే ప్రకటన వెలువరించాలి. పాత ప్రతితో పోటీపడుతూ అదీ ఊరూరా తిరగాలి.

టెలిగ్రామ్ వాడే కార్యాలయాలు ఒక సంగతి గమనించాలి. అక్కడ చానెల్‌కు చర్చా గ్రూపును జతపరిస్తే ప్రతి ప్రకటన కింద వ్యాఖ్యలకు చోటు ఏర్పడుతుంది. ప్రకటనను ఎన్నిసార్లు చూశారో కూడా కనిపిస్తుంది. వాట్సాప్ చానెల్ అలవాటుతో టెలిగ్రామ్ చానెల్‌ను అంచనా వేయడం, లేదా దీనిని దానితో పోల్చి చూడడం సరికాదు.

పత్తి విషయంలో అనుభవంగా నిలబడే ఏర్పాటు రెండింటినీ వేర్వేరు పనులకు వాడుకోవడమే. సలహాలన్నీ చానెల్‌లో ఉంచాలి. కొత్తగా చేరిన రైతు గడచిన 30 రోజుల ప్రకటనలు వెనుకకు వెళ్ళి చదువుకోగలడు కనుక ఆలస్యంగా విత్తినవానికి కూడా అది ఉపకరిస్తుంది. బుట్టల లెక్కలు పంపే పదిహేను, ఇరవై మందితో మాత్రమే చిన్న గ్రూపు ఉండాలి. ప్రతి సందేశంలో ఊరి పేరు, తేదీ, చూసిన బుట్టల సంఖ్య, పడిన పురుగుల సంఖ్య అన్న నాలుగు వివరాలు వరుసగా ఉండాలని వారితో ముందే మాట తీసుకోవాలి. చానెల్‌లోని ప్రతి సలహా చివర, అడిగే అవకాశం లేని ఫాలోవరు కోసం, అధికారి కార్యాలయ నంబరు గాని, కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551 గాని ఇవ్వాలి. రైతు వేదికలో సమావేశం జరిగిన రోజున చానెల్‌లో చేర్పించి ఊరుకోక, అక్కడికక్కడే ఫోను తీయించి గంట గుర్తును నొక్కించాలి. ఆఖరి తీత ముగిశాక లెక్కల గ్రూపును మూసివేయవచ్చు. పత్తి మోళ్ళను పొలంలో నిలిపి ఉంచక తొలగించమన్న సందేశం మాత్రం అప్పుడు కూడా చానెల్‌లోనే రావాలి. ఆ మోళ్ళపై మిగిలిన కాయలలోనే పురుగు తరువాతి పంట కోసం వేచి ఉంటుంది.