మూడు గుణకారాల్లో 408

బౌధాయన శుల్బసూత్రంలో చతురస్రం కర్ణం కొలిచే లెక్క ఒకటుంది. భుజానికి దాని మూడో వంతు కలపాలి. ఆ మూడో వంతులో నాలుగో వంతు మళ్లీ కలపాలి. చివరికి ఈ నాలుగో వంతులో ముప్పై నాలుగో వంతు తీసెయ్యాలి. భుజం 1 అనుకుంటే 577/408 వస్తుంది, అంటే సుమారు 1.414216. అసలు √2 విలువతో ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది. సూత్రకారుడు అక్కడికి ఏ దారిన చేరాడో సూత్రంలో లేదు గానీ, ఈ 408ని చేరుకునే దారి ఒకటి చాలా అందంగా ఉంటుంది.

0, 1, 2, 5, 12, 29, 70, 169, 408... వీటిని పెల్ సంఖ్యలంటారు. చేతిలో ఉన్న సంఖ్యను రెట్టింపు చేసి, దాని ముందున్నది కలిపితే తర్వాతిది వస్తుంది. పక్కపక్కనున్న 408, 169 కలిపితే 577. అలాగే 12, 5 కలిపితే 17. 17/12 కూడా √2కి దగ్గరి విలువే.

ఎనిమిదో పదం దాకా అయితే వేళ్ల మీద వెళ్లొచ్చు. వెయ్యో పదం కావాలంటే మెట్టు మెట్టూ ఎక్కుతూ పోవాలా? అక్కర్లేదు. తర్వాతి సంఖ్య కావాలంటే రెండు సంఖ్యలు గుర్తుండాలి కాబట్టి, ఆ రెంటినీ ఒక జతగా పట్టుకుందాం. జతను ఒక మెట్టు ముందుకు జరిపే పని ఈ మాత్రిక చేస్తుంది:

```
M = | 2  1 |
    | 1  0 |
```

జత (5, 2) అనుకోండి. మొదటి వరుసతో 2×5 + 1×2 = 12. రెండో వరుసతో 1×5 + 0×2 = 5. కొత్త జత (12, 5). n మెట్లు జరపడమంటే Mను nసార్లు వేయడం, అంటే Mⁿ. n-వ పెల్ సంఖ్యను P(n) అంటే, Mⁿ పై వరుసలో P(n+1), P(n), కింది వరుసలో P(n), P(n−1) ఉంటాయి.

ఇక ఒక్కొక్క మెట్టే ఎక్కనక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోవచ్చు:

```
M² = | 5   2 |   M⁴ = | 29  12 |   M⁸ = | 985  408 |
     | 2   1 |        | 12   5 |        | 408  169 |
```

మూడే గుణకారాలు, 408 చేతికొచ్చింది.

సూత్రం కూడా ఇక్కడే దొరుకుతుంది. M² వైపు నిదానంగా చూడండి: అది 2M + I. ఇక్కడ I అంటే కర్ణం మీద 1లు, మిగతాచోట సున్నాలు ఉన్న మాత్రిక. కాబట్టి ఎంత పెద్ద ఘాతమైనా, M² కనిపించిన ప్రతిచోటా 2M + I పెడుతూ పోతే, చివరికి కొన్ని Mలు, కొన్ని Iలు మాత్రమే మిగులుతాయి. ఎన్నెన్ని అన్నది Mⁿ కింది వరుసే చెబుతుంది: Mⁿ = P(n)·M + P(n−1)·I.

ఇప్పుడు x² = 2x + 1 అనే వర్గ సమీకరణం తీసుకుందాం. దీని మూలాలు 1+√2, 1−√2. M పాటించిన నియమాన్నే ఇవీ పాటిస్తాయి గనుక వీటి ఘాతాలూ అలాగే కుదించుకుపోతాయి:

```
(1+√2)ⁿ = P(n)·(1+√2) + P(n−1)
(1−√2)ⁿ = P(n)·(1−√2) + P(n−1)
```

ఒకదాని నుంచి ఇంకోటి తీసేస్తే P(n−1) ఎగిరిపోతుంది:

```
P(n) = [(1+√2)ⁿ − (1−√2)ⁿ] / (2√2)
```

n = 3 వేసి చూడండి. ఘనాలు 7+5√2, 7−5√2. తేడా 10√2. 2√2తో భాగిస్తే 5. పూర్ణాంకాల వరుసకు √2తో నిండిన సూత్రమేమిటని వింతగా అనిపించినా, తీసివేతలోనూ భాగహారంలోనూ √2లు పూర్తిగా కొట్టుకుపోతాయి.

కాలిక్యులేటర్ మీద మాత్రం జాగ్రత్త. 1+√2ను 2.41గా కుదించి ఎనిమిదో ఘాతం కడితే 408 బదులు 402 చిల్లర వస్తుంది. రెండో దశాంశం తర్వాత వదిలేసిన చిన్న ముక్క, ప్రతి గుణకారంలోనూ పెరుగుతూ వచ్చింది. n పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ స్థానాలు ఉంచుకోవాలి. ఖచ్చితమైన సంఖ్యే కావాలంటే సూత్రం కన్నా మాత్రికను వర్గం చేసుకుంటూ పోవడమే మేలు, అందులో పూర్ణాంకాలు తప్ప మరేమీ రావు.

వచ్చిన జవాబు సరైనదో కాదో పట్టడానికీ మాత్రికే సాయపడుతుంది. M నిర్ధారకం −1 కాబట్టి Mⁿ నిర్ధారకం 1 గానీ −1 గానీ కావాలి. 985×169 = 166465, 408 వర్గం 166464. తేడా 1. ఒక్క అంకె తప్పినా ఈ తేడా దాదాపు ఎప్పుడూ చెడిపోతుంది.

ఈ పద్ధతి ఒకచోట ఆగుతుంది. నాలుగు రెట్ల నుంచి ముందు పదానికి నాలుగు రెట్లు తీసేసే వరుస చూడండి: 0, 1, 4, 12, 32... దీని సమీకరణం x² = 4x − 4, రెండు మూలాలూ 2. అప్పుడు పై రెండు వరుసలు ఒకటే అవుతాయి, తీసివేస్తే సున్నా మిగులుతుంది, భాగించాల్సిందీ సున్నాయే. అలాంటప్పుడు సూత్రంలో n ముందుకొచ్చి నిలబడుతుంది: n·2ⁿ⁻¹. n = 4 అయితే 4×8, అంటే 32.