మొప్ప ఎరుపు, కంటి మెరుపు

దుబాయిలో మనవాళ్ళు చాలాకాలం చేపలు కొన్నది దేరాలోని పాత చేపల బజారులోనే. 2017లో ఆ వ్యాపారం ఒడ్డునే కట్టిన వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లోకి మారింది. చల్లని హాలు, మంచు మీద వరసగా పేర్చిన చేపలు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అమ్మేవారిని అడిగితే అన్నీ ఈ ఉదయం వచ్చినవే అంటారు. కాబట్టి అడగవలసింది చేపనే. మనందరికీ ఇష్టమైన వంజరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడివారు దాన్ని కనద్ అంటారు, బోర్డు మీద కింగ్‌ఫిష్ అని ఉంటుంది.

ముందుగా తల పక్కనున్న మూతను వేలితో ఎత్తి మొప్పలు చూడాలి. చేప నీటిలోని ప్రాణవాయువును పీల్చుకునేది వీటితోనే. అందుకే అక్కడ పలుచటి పొరల్లో రక్తం నిండుగా ఉంటుంది. చేప చనిపోయాక ఆ రక్తంలోని ఎర్రని పదార్థం క్రమంగా మారి గోధుమరంగుకు తిరుగుతుంది. కనుక నిగనిగలాడే ఎరుపు తాజాదనానికి గుర్తు, వెలిసిన ఎరుపు మధ్యస్థం, గోధుమ లేక బూడిద రంగు పాతదానికి గుర్తు. రంగుతోపాటు జిగురునూ చూడాలి. తాజా చేప మొప్పల్లో జిగురు నీళ్ళలా తేటగా ఉండి సముద్రపు వాసన వేస్తుంది. సూక్ష్మజీవులు పెరిగినకొద్దీ అది పాలలా చిక్కబడి పులిసిన వాసన పట్టుకుంటుంది.

ఇక కన్ను. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా, అద్దంలా ఉంటుంది. నల్లగుడ్డు కాటుకలా నల్లగా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ లోపలి నీరు తగ్గి కన్ను చదునవుతుంది, తర్వాత గుంటపడుతుంది. పైపొర మసకబారి పాలరంగుకు వస్తుంది.

ఇప్పుడు ఒకే పళ్ళెంలో రెండేసి కిలోల వంజరాలు రెండున్నాయనుకోండి. మొదటిదానికి పైకి కనిపించే కన్ను తెల్లబారింది, రెండోదాని కన్ను మెరుస్తోంది. చాలామంది రెండోదాన్నే ఎత్తుకుంటారు. కాని తొందరపడకూడదు. మంచుముక్క నేరుగా ఆనుకుంటే తాజా చేప కన్ను కూడా తెల్లబడుతుంది. మొదటి చేపను తిప్పి రెండోవైపు చూస్తే ఆ కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉంది. మొప్పలు ఎర్రగా, జిగురు తేటగా ఉన్నాయి. రెండోదాని మెరుపు చల్లిన నీళ్ళది. పక్కనుంచి చూస్తే కన్ను చదునుగా ఉంది, మొప్ప ఎత్తితే గోధుమరంగు, చిక్కటి జిగురు. నీళ్ళు చల్లితే మెరుపు వస్తుంది గాని గుండ్రదనం రాదు. కొనవలసింది మొదటిదే.

మొప్పలూ ఒక్కోసారి తికమక పెడతాయి. కరిగిన మంచునీరు చాలాసేపు పారితే మంచి చేప మొప్పలు కూడా పాలిపోతాయి. పాలిపోయినా వాసన బాగుండి, జిగురు తేటగా ఉంటే భయం లేదు. అలాగే హమూర్ వంటి చేపలను లోతునుంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలి వ్యాకోచించి కళ్ళు బయటికి పొడుచుకు వస్తాయి. అది తాజాదనమూ కాదు, చెడిపోవడమూ కాదు. అక్కడ మొప్పల మాటే వినాలి. కోసి పెట్టిన ముక్కలకైతే కన్నూ ఉండదు, మొప్పా ఉండదు. అందుకని చేపను నిండుగా ఎంచుకుని, తరువాత కోయించుకోవడం మేలు. తల కూడా అడిగి తీసుకుంటే పులుసుకు పనికొస్తుంది.

ఇంత చూసి కొన్నా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. వంజరం, ట్యూనా, కానాగంతలు, కవళ్ళు వంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటి కండలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది కంటికి కనిపించదు, వేయించినా ఉడికించినా పోదు. తిన్న కొద్ది నిమిషాలనుంచి గంట, రెండు గంటల్లోపు ముఖం ఎర్రబడటం, తలనొప్పి, నోట్లో మంట, దద్దుర్లు రావచ్చు. చాలా ఇళ్ళలో దీన్ని చూసి "పిల్లాడికి చేప పడదు" అని తేల్చేస్తారు. నిజంగా పడకపోవడమూ ఇలాగే కనిపించవచ్చు. కాబట్టి వెంటనే డాక్టరుకు చూపించి, ఏ చేప, ఎప్పుడు కొన్నది, ఎంతసేపు బయట ఉన్నది అన్నీ చెప్పాలి. ఊపిరి అందకపోతే క్షణం ఆలస్యం చేయరాదు.

ఈ ఊరి వేసవిలో నిలిపి ఉంచిన కారు పొయ్యితో సమానం. మొప్పలు ఎంత ఎర్రగా ఉన్నా, చేపను డిక్కీలో పెట్టి మరో రెండు దుకాణాలు తిరిగితే ఆ ఎంపిక వృథా. మూతగల డబ్బా ఇంటినుంచే తీసుకెళ్ళి, చేపకు కిందా పైనా మంచు వేయించుకోవాలి. మిగతా సరుకులన్నీ ముగించి చేపను చివర కొనాలి. ఇంటికి రాగానే కడిగి ఫ్రిజ్‌లో పెట్టి, కూర ఆ రోజో మర్నాడో వండుకోవాలి.