గోల్ పడకముందే దాని విలువెంత?

2022 నవంబరు 22న ఖతార్ ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా మొత్తం 3 షాట్లే కొట్టి అర్జెంటీనాను 2-1తో ఓడించింది. 53వ నిమిషంలో సాలెం అల్ దౌసరీ పెనాల్టీ బాక్సులో ఎడమ అంచు దగ్గర డిఫెండర్లను తప్పించుకుని, కుడికాలితో బంతిని దూరపు మూలకు వంచి కొట్టాడు. అద్భుతమే! కానీ ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ లెక్కలో ఆ షాట్ విలువ చాలా తక్కువ.

ఈ లెక్క అడిగేది ఒక్కటే: ఇలాంటి షాట్లు గతంలో నూటికి ఎన్ని గోలయ్యాయి? పెనాల్టీలు సుమారు 78 పడతాయి కనుక ఒక్కోదానికి 0.78. గోల్‌కు దూరం జరిగినా, పక్కకు వెళ్లినా పోస్టుల మధ్య కనిపించే సందు ఇరుకవుతుంది, విలువ పడిపోతుంది. అదే చోటునుంచి తలతో కొడితే ఇంకా తక్కువ. మెడ విసురుకు కాలి బలం రాదు, గురీ అంతగా కుదరదు.

మామూలుగా ఈ లెక్క కొట్టినవాడి పేరు చూడదు. అల్ దౌసరీ చోట ఎవరున్నా అదే అంకె.