షిఫ్టు మారేటప్పుడు మూగబోయిన అలర్టులు

సర్వర్లను కనిపెట్టుకుని ఉండే బృందంలో షిఫ్టు మారేటప్పుడు మోగుతున్న అలర్టు ఎవరి కంటా పడకుండా పోదు. చిక్కంతా ఎవరో నోరు నొక్కిన అలర్టుతోనే.

రాత్రి 8 గంటలకు డేటాబేస్ డిస్కు 91 శాతం నిండిందని అలర్టు వచ్చిందనుకుందాం. డ్యూటీలో ఉన్న ఇంజనీరు పాత లాగ్ ఫైళ్లను తీసేసే పని మొదలుపెట్టి, మోత ఆపడానికి అలర్ట్‌మేనేజర్‌లో 8 గంటల సైలెన్స్ పెడతాడు. 10కి షిఫ్టు మారుతుంది. కొత్తగా వచ్చినవారికి తెర ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ తీసేసే పని మధ్యలో ఆగిపోయి, డిస్కు గంటకు 2 శాతం చొప్పున నిండితే పన్నెండున్నరకు పూర్తిగా నిండిపోతుంది. సైలెన్స్ మాత్రం తెల్లవారుజామున 4 దాకా ఉంటుంది.

అందుకే అప్పగింత మోగుతున్న అలర్టులతో కాక, సైలెన్స్‌ల జాబితాతో మొదలవ్వాలి. ఆ జాబితాను ఈ కమాండ్ చూపిస్తుంది:

```
amtool silence query
```

ఒక్కోదాని పక్కన కారణం, గడువు, ఇకపై చూసుకునేవారి పేరు రాయాలి. ‘డిస్కు గమనించండి’ అని రాస్తే ఎవరూ గమనించరు. ‘11కి 95 కంటే తగ్గకపోతే డిస్కు పెంచాలి’ అన్నది పని. సైలెన్స్ గడువును షిఫ్టు మారిన అరగంటకే ముగిసేలా పెడితే, నోటు రాయడం మరిచినా అలర్టే కొత్తవారిని పిలుస్తుంది.