ఒక ఇన్వాయిస్, మూడు మాటలు

2007 జనవరిలో ఆపిల్ కంపెనీ తన ఖాతాదారులను ఒక విచిత్రమైన రుసుము అడిగింది. అప్పటికే జనం కొనుక్కుపోయిన కొన్ని మ్యాక్ కంప్యూటర్లలో కొత్త తరం వైఫై చిప్ ఉంది కానీ పనిచేయడం లేదు. దాన్ని పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలంటే 1.99 డాలర్లు కట్టాలంది. వెయ్యి డాలర్ల పైన పోసి కంప్యూటర్ కొన్నవాళ్లకు ఒళ్లు మండింది. అంత పెద్ద కంపెనీకి ఆ రెండు డాలర్లు ఒక లెక్కా? ఆపిల్ చెప్పిన కారణం ఒక్కటే: అకౌంటింగ్ నిబంధనలు ఉచితంగా ఇవ్వనివ్వడం లేదు.

వినడానికి సాకులా ఉన్నా అందులో విషయం ఉంది. కంప్యూటర్ అమ్మిన రోజునే ఆపిల్ దాని ధర మొత్తాన్ని ఆదాయంగా రాసేసుకుంది. ఇప్పుడు కొత్త సౌకర్యాన్ని ఊరికే ఇస్తే, అమ్మిన రోజున సరుకంతా ఇవ్వలేదన్నట్టే. అప్పుడు ఇంకా ఇవ్వాల్సింది మిగిలి ఉండగా ఆదాయం మొత్తం ఎలా రాశారని ఆడిటర్ అడుగుతాడు. రెండు డాలర్లు తీసుకుంటే అది వేరే అమ్మకం అవుతుంది, పాత లెక్క జోలికి పోనక్కర్లేదు.

అదే ఏడాది జూన్‌లో ఐఫోన్ వచ్చింది. ఈసారి ఆపిల్ ముందే జాగ్రత్తపడింది. కొత్త ఫీచర్లను ఎప్పటికప్పుడు ఉచితంగా ఇస్తామని చెప్పి, ఫోన్ అమ్మిన ఆదాయాన్ని ఒక్క రోజున కాకుండా 24 నెలలకు పరిచి రాసింది. ఐపాడ్ టచ్‌కు అలాంటి హామీ ఇవ్వలేదు. అందుకే 2008లో వచ్చిన అదే కొత్త సాఫ్ట్‌వేర్ ఐఫోన్ ఉన్నవాళ్లకు ఉచితం, ఐపాడ్ టచ్ ఉన్నవాళ్లకు 9.95 డాలర్లు.

అప్‌డేట్ ఖరీదు కొద్దిపాటిదే అయినప్పుడు ఫోన్ ధర మొత్తాన్ని రెండేళ్లు ఎందుకు ఆపాలి? సాఫ్ట్‌వేర్ అమ్మకాలకు అమెరికాలో 1997లో వచ్చిన నిబంధన అలా ఉండేది. నాలుగు వస్తువులు కట్టగా అమ్మినప్పుడు, ఇచ్చేసినదాని ఆదాయం రాసుకోవాలంటే ఇంకా ఇవ్వాల్సినదాని ధర ఎంతో రుజువు చూపాలి. ఊహిస్తే కుదరదు. ఆ వస్తువును కంపెనీ స్వయంగా విడిగా అమ్ముతూ ఉండాలి. ఐఫోన్ అప్‌డేట్‌ను ఎవరికీ విడిగా అమ్మలేదు, కాబట్టి రుజువు లేదు. రుజువు లేకపోతే కట్ట మొత్తం ఆగాల్సిందే.

ఆ కాఠిన్యానికి కారణం ఉంది. కట్టగా అమ్మే చోట ఆదాయాన్ని ముందుకు లాక్కోవడం చాలా సులువు. వర్జీనియాకు చెందిన మైక్రోస్ట్రాటజీ సంగతే చూస్తే తెలుస్తుంది. నేడు బిట్‌కాయిన్ నిల్వలతో వార్తల్లో ఉండే ఈ కంపెనీ అప్పట్లో డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ అమ్మేది. కొన్ని పెద్ద ఒప్పందాల్లో సాఫ్ట్‌వేర్ ఇచ్చిన తర్వాత కూడా చేయాల్సిన పని చాలా మిగిలి ఉండేది. కంపెనీ మాత్రం ఆదాయాన్ని మొదట్లోనే రాసేసుకుంది. 2000 మార్చి 20న పాత లెక్కలను సవరిస్తున్నట్టు ప్రకటించింది. ముందు ట్రేడింగ్ రోజు 226.75 డాలర్ల దగ్గర ముగిసిన షేరు ఆ ఒక్క రోజులో 86.75కి పడిపోయింది. అక్కడ దొంగ ఇన్వాయిస్‌ల కథేమీ లేదు. ఖాతాదారులు నిజం, సాఫ్ట్‌వేరూ నిజం. తప్పు ప్రధానంగా ఆదాయాన్ని రాసిన సమయంలో ఉంది.

అయితే ఐఫోన్ విషయంలో అదే నిబంధన రెండోవైపుకు ఒరిగింది. జేబులో పడిన డబ్బు లెక్కల్లో కనిపించలేదు. 2009 అక్టోబరులో అమెరికా అకౌంటింగ్ బోర్డు నియమాన్ని సడలించి, విడి ధర దొరకనప్పుడు సహేతుకమైన అంచనా వేసుకోవచ్చంది. ఆపిల్ ఒక్కో ఐఫోన్‌కు అప్‌డేట్ల హక్కు విలువను 25 డాలర్లుగా అంచనా కట్టి, ఆ మేరకే వాయిదా వేసి, మిగతాది అమ్మిన రోజునే రాసింది. పాత లెక్కలు కూడా తిరగరాశాక 2009 ఆర్థిక సంవత్సరం అమ్మకాలు 36.5 బిలియన్ డాలర్ల నుంచి 42.9 బిలియన్లకు, లాభం 5.7 బిలియన్ల నుంచి 8.2 బిలియన్లకు చేరాయి. అదనంగా ఒక్క ఫోన్ అమ్మలేదు, ఒక్క డాలరు చేతికి రాలేదు.

ఈ ఆలోచనే 2014 మేలో ఐఎఫ్ఆర్ఎస్ 15 అనే అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. మన దేశంలో అది ఇండ్ ఏఎస్ 115 పేరుతో 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. లిస్టెడ్ కంపెనీలు, పెద్ద కంపెనీలు దీన్ని పాటిస్తాయి. చిన్న కంపెనీలకు ఇప్పటికీ 1985 నాటి ఏఎస్ 9 ప్రమాణమే. కట్ట ఒప్పందాల గురించి అందులో ఇంత వివరం లేదు.

ఈ ప్రమాణం ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ కంపెనీ ఒకటి, ఓ ఆస్పత్రికి రోగుల రికార్డులు, బిల్లింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను జనవరి 1న అమ్మింది. లైసెన్సు శాశ్వతం, సాఫ్ట్‌వేర్ ఆస్పత్రి సర్వర్‌లోనే ఉంటుంది. దాంతోపాటు మూడేళ్ల సపోర్ట్, సిబ్బందికి 10 రోజుల ట్రైనింగ్. అన్నీ కలిపి 18 లక్షలు. ఒప్పందంలో సేల్స్ విభాగం ఇలా విడగొట్టి రాసింది: లైసెన్సు 16 లక్షలు, సపోర్ట్ 2 లక్షలు, ట్రైనింగ్ ఉచితం. ఇన్వాయిస్ మొత్తానికి ఒకేసారి వెళ్లింది, డబ్బూ వచ్చింది.

మార్చి 31న పద్దులు ముగించే అకౌంటెంట్ ఆ కాగితంలోని విభజనను పక్కన పెడతాడు. ఖాతాదారుడికి తామిచ్చిన మాటలు ఎన్ని అన్నదే అతని మొదటి ప్రశ్న. ఇక్కడ మూడు. సపోర్ట్ లేకున్నా సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, ట్రైనింగ్ బయటివాళ్లు కూడా ఇవ్వగలరు. ఒకటి లేకపోతే ఇంకొకటి పనికిరాకుండా పోయే పరిస్థితి లేదు, కాబట్టి మూడూ వేర్వేరు. ట్రైనింగ్ ఉచితమని రాసినా అది మాటే. ఆ పదిరోజుల మనిషి ఖర్చును ఆస్పత్రి కట్టిన 18 లక్షల్లోంచే తీస్తారు.

తర్వాత ఒక్కోదాన్ని విడిగా అమ్మితే ఎంత పలుకుతుందో చూస్తాడు. ఇదే కంపెనీ ఇతరులకు లైసెన్సును 15 లక్షలకు, సపోర్ట్‌ను ఏడాదికి 2.4 లక్షల చొప్పున, ట్రైనింగ్‌ను రోజుకు 18 వేలకు అమ్ముతోందనుకుందాం. మూడేళ్ల సపోర్ట్ 7.2 లక్షలు, ట్రైనింగ్ 1.8 లక్షలు, అన్నీ కలిపితే 24 లక్షలు. ఆస్పత్రి కట్టింది 18, అంటే రూపాయికి ముప్పావలా. ఈ తగ్గింపును ట్రైనింగ్ ఒక్కదాని నెత్తిన వేయకుండా మూడింటికీ సమానంగా పంచుతారు. అప్పుడు లైసెన్సు వాటా 11.25 లక్షలు, సపోర్ట్ వాటా 5.4 లక్షలు, ట్రైనింగ్ వాటా 1.35 లక్షలు.

ఇక మిగిలింది, మార్చి 31 నాటికి ఏ మాట ఎంతవరకు నెరవేరిందన్నది. లైసెన్సు జనవరి 1నే ఇచ్చి, సాఫ్ట్‌వేర్ వాడుకోనిచ్చారు, కనుక 11.25 లక్షలూ ఆదాయమే. సపోర్ట్ నెలకు 15 వేల చొప్పున మూడు నెలలకు 45 వేలు. ట్రైనింగ్ పది రోజుల్లో ఆరు రోజులే జరిగింది కనుక 81 వేలు. మొత్తం 12.51 లక్షలు. మిగతా 5.49 లక్షలు బ్యాంకులో ఉన్నా, ఆస్పత్రికి చేయాల్సిన పని రూపంలో బాకీయే. బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుంటుంది. ఇన్ఫోసిస్, టీసీఎస్ వార్షిక నివేదికల్లో అన్‌ఎర్న్‌డ్ రెవెన్యూ అని కనిపించేది ఈ జాతి పద్దే.

ఈ వాయిదా పన్నుల శాఖకు వర్తించదు. ఇన్వాయిస్ 18 లక్షలకు వెళ్లింది కనుక దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 3.24 లక్షలు, అప్పుడే కట్టాలి. కొత్తగా ఈ పద్ధతిలోకి వచ్చిన కంపెనీల్లో జీఎస్టీ రిటర్నుల టర్నోవరు, పద్దుల్లోని ఆదాయం ఎందుకు సరిపోవడం లేదనే ప్రశ్న తరచూ ఇక్కడే పుడుతుంది.

లెక్క ఇంత తేలిగ్గా తేలడానికి కారణం మూడు మాటలూ విడివిడిగా నిలబడటమే. అన్నిచోట్లా అలా ఉండదు. ఆస్పత్రి తన ల్యాబ్ యంత్రాలతో, బీమా సంస్థల వ్యవస్థలతో అనుసంధానం చేయమని, అందుకు సాఫ్ట్‌వేర్ కోడ్‌నే ఆరు నెలలపాటు తిరగరాయమని అడిగితే లైసెన్సును ఇచ్చేశామని జనవరిలో చెప్పలేరు. ఆస్పత్రి కొన్నది ఆ రెండూ కలిసిన వస్తువును. అప్పుడు లైసెన్సు, మార్పుల పని ఒకే మాటగా లెక్కకొచ్చి, పని సాగినకొద్దీ ఆదాయం వస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లోనే ఉండి ఆస్పత్రి ఇంటర్నెట్ ద్వారా వాడుకునే పద్ధతయితే అసలు లైసెన్సు చేతికే రాదు. వాడుకునే కాలమంతటికీ ఆదాయం పరుచుకుంటుంది.

ఆడిటర్లు ఎక్కువ కంగారుపడేది మాత్రం ఒప్పందంలో లేని మాటల గురించి. డీల్ చేజారుతుందన్న భయంతో సేల్స్ మేనేజర్ ఓ మెయిల్ పెడతాడు: ‘వచ్చే మార్చిలోగా మొబైల్ యాప్ కూడా ఇస్తాం సార్, అదనంగా ఏమీ తీసుకోం.’ ఆ ఒక్క వాక్యంతో నాలుగో మాట పుట్టింది. యాప్ విడి ధర 6 లక్షలనుకుంటే మొత్తం 30 లక్షలవుతుంది, వచ్చిన 18 లక్షలను నాలుగింటికీ పంచాలి. లైసెన్సు వాటా 9 లక్షలకు పడిపోతుంది, యాప్ వాటా 3.6 లక్షలు అది చేతికిచ్చేదాకా ఆగుతుంది. మెయిల్ అకౌంట్స్ విభాగానికి చేరకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే జాగ్రత్తపరుడైన ఆడిటర్ ఒప్పందం కాపీతో ఆగకుండా, వేరే హామీలేమీ లేవని సేల్స్ వాళ్ల చేత సంతకం పెట్టించుకుంటాడు, కొన్నిసార్లు నేరుగా ఖాతాదారుడికే రాసి అడుగుతాడు.

విడి ధరల దగ్గర కూడా చెయ్యి జారే అవకాశం ఉంది. సపోర్ట్ విడి ధరను తక్కువగా చూపితే లైసెన్సు వాటా పెరిగి ఈ ఏడాది ఆదాయం ఉబ్బుతుంది. దీన్ని పట్టుకోవడానికి మూడేళ్లు గడిచాక అదే ఆస్పత్రి సపోర్ట్‌ను ఎంతకు పొడిగించుకుందో చూస్తే చాలు. ఏడాదికి లక్ష అని అంచనా వేసినచోట ఖాతాదారులంతా రెండున్నర లక్షలకు రెన్యూ చేసుకుంటుంటే మొదటి అంచనా ఎలా వచ్చిందని అడగాల్సిందే.

మొబైల్ యాప్ హామీలేమీ లేని మన ఆస్పత్రి ఒప్పందంలో, వాయిదా పడ్డ 5.49 లక్షలు మెల్లగా కరుగుతూ పోతాయి. రెండో ఆర్థిక సంవత్సరంలో ట్రైనింగ్ మిగిలిన నాలుగు రోజులూ పూర్తవుతాయి, పన్నెండు నెలల సపోర్ట్ నడుస్తుంది. కలిపి 2.34 లక్షలు ఆదాయంలోకి వస్తే అప్పుల వైపు 3.15 లక్షలు మిగులుతాయి. మూడో ఏడాది మరో 1.8 లక్షలు. నాలుగో ఏడాది డిసెంబరు 31న, డబ్బు చేతికొచ్చిన మూడేళ్ల తర్వాత, చివరి నెల 15 వేలు ఆదాయం పద్దులోకి చేరతాయి.