యాజకుడు ఎటు వెళ్తున్నాడు?

గృహ కూడికల్లో, సంఘాల బైబిలు స్టడీల్లో మంచి సమరయుడి కథ తరచూ వస్తుంది. లూకా సువార్త పదో అధ్యాయం, 25 నుంచి 37 వచనాలు. చదవడం పూర్తవగానే నడిపించేవారు అడుగుతారు: "మరి మనం మంచి సమరయుల్లా ఉంటున్నామా?" "ఉండాలండీ" అంటారు ఒకరిద్దరు. మిగతావాళ్లు తలూపుతారు. మాట అక్కడితో ఆగిపోతుంది.

తప్పు సభ్యులది కాదు, ప్రశ్నది. బైబిలు తెరవకుండానే దానికి జవాబు చెప్పేయవచ్చు. ముందు వాక్యంలో ఏముందో చూడాలి, తర్వాత దాని భావమేమిటో ఆలోచించాలి, ఆ తర్వాతే మన బతుకులోకి తెచ్చుకోవాలి. న్యూయార్క్ బైబిలు సెమినరీలో ఈ పద్ధతిలోనే బోధించిన రాబర్ట్ ట్రెయినా 1952లో 'మెథాడికల్ బైబిల్ స్టడీ' పుస్తకంలో ఈ మెట్లను వివరంగా రాశారు. పరిశీలన, వివరణ, అన్వయం అని వాటిని పిలుచుకోవచ్చు. చెప్పడం తేలికే. ఒక మెట్టు మీది ప్రశ్న తర్వాతి మెట్టుకు చేర్చేలా రాయడంలోనే పనంతా ఉంది.

పరిశీలన ప్రశ్నకు జవాబును వచనం మీద వేలు పెట్టి చూపించగలగాలి. "దారిలో ఎంతమంది వచ్చారు?" అన్నా ఆ లెక్కకు సరిపోతుంది గానీ, పెద్దవాళ్లకు అది బడిపిల్లల పరీక్షలా ఉంటుంది. అదే "గాయపడినవాణ్ణి చూశాక ముగ్గురూ ఏమేం చేశారు? ఒక్కొక్కరి క్రియాపదాలు విడిగా రాయండి" అంటే కాగితం మీద తేడా కనబడుతుంది. ముగ్గురూ చూశారు. యాజకుడికి, లేవీయుడికి పక్కగా పోవడం ఒక్కటే మిగులుతుంది. సమరయుడి జాబితా మాత్రం పెరుగుతూ పోతుంది: దగ్గరికి రావడం, జాలిపడటం, నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడం, తన వాహనం మీద ఎక్కించడం, పూటకూళ్ల ఇంటికి చేర్చడం, డబ్బివ్వడం, మళ్లీ వస్తానని మాటివ్వడం.

ఇంకో ప్రశ్న: "యాజకుడు ఎటు వెళ్తున్నాడు?" యెరూషలేము కొండ మీది ఊరు, యెరికో లోయలోది. మధ్య దారి సుమారు 27 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. గ్రీకు మూలంలో యాజకుడు కూడా దిగి వెళ్తున్నాడనే ఉంది. అనువాదంలో ఈ ముక్క జారిపోవచ్చు కనుక రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

ఈ చిన్న గమనింపు లోంచే వివరణ ప్రశ్న పుడుతుంది. "గుడిలో సేవకు వెళ్తున్నాడు, శవాన్ని ముట్టుకుంటే మైలపడతాడని భయపడి ఉంటాడు" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు అడగాలి: "అతను యెరూషలేము నుంచి దిగుతుంటే ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది?" సాకు బలహీనపడుతుంది గానీ పూర్తిగా పోదు. యాజకుడు శవాన్ని తాకకూడదన్న నియమం గుడి బయట కూడా ఉంది. చర్చకు ఊపిరి పోసేది ఇలాంటి ప్రశ్నే. వాక్యంలో ఆధారం ఉంది, జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలదు.

వాక్యంలో లేని నేపథ్యాన్ని మాత్రం ప్రశ్నగా అడగకూడదు. యూదులకు, సమరయులకు మధ్య ఎంత వైరముందో తెలియనివాళ్లను "సమరయుడే ఎందుకు?" అని అడిగితే మౌనమే వస్తుంది. ఆ సంగతి రెండు మాటల్లో చెప్పేసి, అప్పుడు అడగాలి.

ఈ కథలో అన్నిటికంటే లోతైన వివరణ ప్రశ్న రెండు ప్రశ్నలను పక్కపక్కన పెడితే దొరుకుతుంది. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగాడు. ఆ ముగ్గురిలో పొరుగువాడైనది ఎవరని యేసు తిరిగి అడిగాడు. "ప్రశ్న ఎలా మారింది, ఎందుకు మారింది?" దీనికి పది నిమిషాలైనా ఇవ్వాలి. ఉపదేశకుడు జవాబులో సమరయుడన్న పేరు పలకకుండా, జాలి చూపినవాడని మాత్రమే అన్నాడని ఎవరైనా గమనిస్తే తొందరపడి ముందుకు పోకూడదు.

ఇక్కడి నుంచి అన్వయానికి దారి దానంతటదే కనిపిస్తుంది. దేనారము అప్పట్లో ఒక రోజు కూలి, సమరయుడు రెండిచ్చాడు. "మీ రెండు రోజుల సంపాదన ఎంత? ఈ నెలలో మీరు చూసి పక్కగా పోయిన మనిషి ఎవరు? ఆ మనిషి దగ్గరికి వెళ్లాలంటే మొదట ఏం చేయాలి?" ఇందులో మనిషి ఉన్నాడు, ఖర్చు ఉంది, మొదటి అడుగు ఉంది. వాక్యంలోని క్రియలకే ఇవి ముడిపడి ఉన్నాయి కాబట్టి "ఉండాలండీ" అని తప్పించుకోవడం కుదరదు.

అయితే ఆ మనిషి పేరు అందరి ముందూ చెప్పమనకూడదు. పక్కింటివారి మీద, తోడికోడలి మీద కోపం ఉన్నవాళ్లు అక్కడే కూర్చుని ఉండవచ్చు. ఈ ప్రశ్న చదివి, రెండు నిమిషాలు మౌనంగా ఉండి, ఎవరి కాగితం మీద వాళ్లే రాసుకోనివ్వాలి. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, లేనివాళ్లు కాగితం మడిచి బైబిలులో పెట్టుకుని ఇంటికి వెళ్తారు.