ఆరు గళ్ల పట్టిక

అమెరికాలో ఏ పార్టీవైపు మొగ్గాలన్న విషయంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఉందా? అక్కడ 1972 నుంచి సాగుతున్న జనరల్ సోషల్ సర్వేలో, 2000 నాటి 2757 మంది జవాబులు దీనికి పనికొస్తాయి. 1557 మంది స్త్రీలలో 762 మంది డెమొక్రాట్లు, 327 మంది ఏ పార్టీకీ చెందనివారు, 468 మంది రిపబ్లికన్లు. 1200 మంది పురుషులలో ఇవే వరుసగా 484, 239, 477.

స్త్రీలలో డెమొక్రాట్లు 49 శాతం, పురుషులలో 40. తేడా కళ్లకు కనిపిస్తోంది. కానీ ఇది కేవలం ఎంపికైన మనుషుల వల్ల కాకతాళీయంగా వచ్చిందేమో! 1900లో కార్ల్ పియర్సన్ ప్రతిపాదించిన కై-స్క్వేర్ పరీక్ష ఈ అనుమానాన్నే తూకం వేస్తుంది.

ముందుగా, లింగానికీ పార్టీకీ సంబంధమే లేదనుకుందాం. మొత్తంమీద డెమొక్రాట్లు 1246 మంది. సంబంధం లేకపోతే స్త్రీలలోనూ అదే నిష్పత్తి ఉండాలి: 1557 × 1246 ÷ 2757, అంటే సుమారు 703.7. ఇదే ఆ గడికి అంచనా సంఖ్య. నిజంగా ఉన్నది 762. తేడాను వర్గం చేసి అంచనా సంఖ్యతో భాగిస్తే 4.8 వస్తుంది. ఆరు గళ్లకూ ఇలాగే చేసి కూడితే సుమారు 30.

అది పెద్దదా, చిన్నదా? అడ్డు, నిలువు మొత్తాలు తెలిసినప్పుడు రెండు గళ్లు నింపితే మిగతా నాలుగూ వాటంతటవే తేలిపోతాయి. అందుకే స్వేచ్ఛా పరిమాణం 2. సంబంధమే లేకుంటే ఈ మొత్తం 5.99 దాటే అవకాశం నూటికి ఐదే. 30 రావడం దాదాపు అసాధ్యం. ఈ 30లో సగానికి పైగా రిపబ్లికన్ గళ్ల నుంచే వచ్చింది. పార్టీలేని వారి గళ్ల వాటా అర కూడా లేదు.

మనుషుల సంఖ్యలకు బదులు శాతాలు పెడితే లెక్క చెడుతుంది. పై పట్టికలో అలా చేస్తే 30 కాస్తా 2.2కి పడిపోయి, ఉన్న సంబంధం మాయమవుతుంది.

గళ్లు మరీ పలచబడినా ప్రమాదమే. ఇదే నిష్పత్తిలో 30 మందినే అడిగితే, పార్టీలేని పురుషుల గడిలో అంచనా 2.7 మాత్రమే. ఐదు కంటే తక్కువ అంచనాలున్న గళ్లు ఐదో వంతు మించకూడదనీ, ఏదీ ఒకటికి దిగకూడదనీ వాడుకలో ఉన్న నియమం. చూడాల్సింది అంచనాను, వచ్చిన సంఖ్యను కాదు. అప్పుడు ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్షను ఆశ్రయిస్తారు.

ఒక్కొక్కరు ఒకే గడిలో పడాలి, ఒకరి జవాబు మరొకరిపై ఆధారపడకూడదు. భార్యాభర్తలిద్దరినీ అడిగితే ఆ షరతు తప్పుతుంది. ఈ సర్వే ఇంటికి ఒకరినే అడుగుతుంది. అయినా ఎంచుకున్న ప్రాంతాల నుంచే ఇళ్లను తీసుకుంటుంది కాబట్టి ఇరుగుపొరుగు పోలిక కొంత మిగులుతుంది. 30 విషయంలో దానివల్ల తీర్పు మారదు. 6.5 వచ్చి ఉంటే మాత్రం మళ్లీ ఆలోచించాల్సిందే.